సగంలో ఉన్న పనిని ఎలా అప్పగించాలి? ఛార్జి నోట్‌పై ఒక సమీక్ష

ఉద్యోగం మారేవారు, బదిలీ అయ్యేవారు, రిటైరయ్యేవారు తమ తర్వాత వచ్చేవారికి ఏం రాసివ్వాలి? ఈ ప్రశ్న ఎవరిని అడిగితే వారు ఒక జవాబు చెబుతారు. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్ "లిస్టు రాసి సంతకం తీసుకోండి, రేపు మీ మీద మాట రాదు" అంటాడు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్ "నాలుగు కేటీ సెషన్లు పెట్టి రికార్డు చేయండి" అంటాడు. ఆసుపత్రిలో, కర్మాగారంలో షిఫ్టులు మారేవారు "ఫార్మాట్ ప్రకారం చెప్పండి, విన్నవారిచేత తిరిగి చెప్పించండి" అంటారు. ఇదంతా దండగని, పని అసలు కాగితానికే ఎక్కదని అనేవారూ ఉన్నారు.

ఇవన్నీ అనుభవం మీద నిలిచిన మాటలే. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో రకం నష్టాన్ని చూసి పుట్టింది. ఆ సంగతి మరిచి ఒక చోటి పద్ధతిని మరో చోటికి తెచ్చుకోవడం వల్లే చర్చ చిక్కుపడింది. ఈ వ్యాసం ముందు ఆ పద్ధతుల పుట్టుకను చూసి, తర్వాత ఒకే ఒక్క పనిని, అంటే చిన్న ఫ్యాక్టరీలో అకౌంటెంట్ చేతిలో సగంలో ఉన్న జీఎస్టీ నోటీసును, వాటి ముందు పెట్టి పరీక్షిస్తుంది.

లిస్టు ఎక్కడ పుట్టింది

మన కార్యాలయాల్లో "ఛార్జి ఇవ్వడం" అంటే మొదటి నుంచీ వస్తువులు అప్పగించడమే. నగదు, తాళాలు, రికార్డులు, స్టాకు రిజిస్టరు, రబ్బరు స్టాంపులు ఇచ్చేవారు లెక్కపెట్టి ఇస్తారు, పుచ్చుకునేవారు లెక్క చూసుకుని సంతకం పెడతారు. తగ్గిన వస్తువు ఎవరి హయాంలో తగ్గిందో తేల్చడానికి ఆ కాగితం కావాలి. దాని ఉద్దేశం బాధ్యతకు గీత గీయడం. పని ముందుకు నడిపించే భారం దాని మీద ఎవరూ పెట్టలేదు.

మరి పని ఎలా నడిచేది? అందుకు వేరే ఏర్పాటు ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి నుంచి తెలుగు జిల్లాల కార్యాలయాలకు వచ్చిన టాటెన్‌హామ్ పద్ధతిలో ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు ఉంటుంది. తన సీటుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ అందులో ఎక్కించాలి. ఏ తేదీన వచ్చింది, విషయం ఏమిటి, ఎవరికి పుటప్ చేశారు, ఎప్పుడు తిరిగి వచ్చింది, ఎలా ముగిసింది అన్నవి అక్కడే కనిపిస్తాయి. సీటులో మనిషి మారినా రిజిస్టరు మారదు. కొత్తవారు దాన్ని తెరిస్తే ముగింపు లేని వరుసలన్నీ వారి పనే.

కేంద్ర సచివాలయ కార్యాలయ విధానాల మాన్యువల్ ఈ ఆలోచనను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. ఒక విషయంలో విధానం ఎలా మొదలై ఎలా మారిందో చెప్పే స్టాండింగ్ నోట్, ముఖ్యమైన ఉత్తర్వులను, నమూనాలను ఒకచోట చేర్చే స్టాండింగ్ గార్డ్ ఫైలు, పాత నిర్ణయాలను గుర్తుచేసే ప్రిసిడెంట్ బుక్ అన్నవి అందులో ఉన్నాయి. కోర్టులో ఆగిన కేసుల్లాగా కనీసం 6 నెలల పాటు ఏమీ చేయడానికి లేని ఫైళ్లను కాల్ బుక్‌లోకి మార్చి, అప్పుడప్పుడూ తిరగేయాలన్న నియమం కూడా ఉంది. ఈ పక్షం వాదనను నేటి మాటల్లో చెప్పాలంటే: వెళ్లే రోజున నోట్ రాయాల్సిన అవసరం వచ్చిందంటే, ఉన్న రోజుల్లో రాయాల్సింది రాయలేదన్నమాట.

వాదన బలమైనదే. కానీ పర్సనల్ రిజిస్టరు కాగితం ఎక్కడ ఉందో చెబుతుంది, అక్కడే ఎందుకు ఆగిందో చెప్పదు. "తహసీల్దారు రిపోర్టు కోసం రిమైండరు" అన్న వరుస చూసి కొత్త గుమాస్తా ఇంకో రిమైండరు పంపుతాడు. ఆ రిపోర్టు రాకపోవడానికి అసలు కారణం సర్వే నంబరులో తప్పు పడటమని పాతవారికి తెలుసు. ఆ తప్పు దిద్దేదాకా ఎన్ని రిమైండర్లు పంపినా లాభం లేదు. కారణం రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

ప్రమాదాలు నేర్పినది

రెండో పక్షం కర్మాగారాల నుంచి వచ్చింది. 1988 జూలై 6 రాత్రి ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలిపోయి 167 మంది చనిపోయారు. అక్కడ రెండు కండెన్సేట్ పంపుల్లో ఒకదాన్ని మరమ్మతు కోసం ఆపారు. అదే పంపుకు చెందిన సేఫ్టీ వాల్వును కూడా వేరే పర్మిట్ మీద పగటి షిఫ్టులో తీసేసి, ఆ చోటును తాత్కాలిక మూతతో మూశారు. పంపు మరమ్మతులో ఉన్న సంగతి రాత్రి షిఫ్టుకు తెలుసు, వాల్వు లేదన్న సంగతి అందలేదు. రెండో పంపు ఆగిపోయినప్పుడు మొదటిదాన్ని మళ్లీ నడపడానికి ప్రయత్నించారు. 1990లో వచ్చిన లార్డ్ కల్లెన్ విచారణ నివేదిక, షిఫ్టు అప్పగింతలో జరిగిన ఈ లోపాన్ని ప్రమాద కారణాల్లో ఒకటిగా చూపింది.

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. రాత్రి షిఫ్టువారు ఒక టవరులోకి ద్రవాన్ని ఎక్కించడం మొదలుపెట్టి ఆపారు. లాగ్ పుస్తకంలో దాని గురించి ఉన్నది ఒక్క వరుస. యూనిట్‌లోకి ద్రవం తెచ్చామన్న భావం తప్ప, ఎంత ఎక్కింది, టవరులోనూ దాని పైపుల్లోనూ ఇప్పటికే ఎంత ఉంది అన్నది ఆ వరుస నుంచి తెలియదు. పగటి షిఫ్టువారు ఇంకా ఎక్కించారు. ప్రమాదానికి ఇతర కారణాలు చాలా ఉన్నా, అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తు ఈ అప్పగింత లోపాన్నీ ప్రత్యేకంగా ఎత్తి చూపింది.

ఈ రెండు సంఘటనల్లోనూ రాత ఉంది. ఒక చోట పర్మిట్ కాగితం, మరో చోట లాగ్. రాసినది "ఏం చేశాం" అన్నదాన్నే చెప్పింది. వచ్చేవారికి కావలసింది "ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దేన్ని ముట్టుకోకూడదు" అన్నది. అకౌంటెంట్ నోట్‌కు ప్రాణాపాయంతో సంబంధం లేకపోవచ్చు గానీ, లోపం ఆకారం మాత్రం అదే.

ఆసుపత్రుల పద్ధతి

వైద్యరంగం ఈ పాఠాన్ని ఒక ఫార్మాట్‌గా మలిచింది. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల సిబ్బంది వాడిన వరుసక్రమాన్ని 2000 తర్వాత ఆసుపత్రుల్లోకి తెచ్చి ఎస్‌బార్ అన్నారు: పరిస్థితి, నేపథ్యం, అంచనా, సిఫారసు. తర్వాత వచ్చిన ఐ-పాస్‌లో ఐదు భాగాలున్నాయి. రోగం ఎంత తీవ్రం, రోగి గురించి క్లుప్తంగా, చేయాల్సిన పనులు, ఇలా జరిగితే ఏం చేయాలి, చివరగా విన్నవారు తమ మాటల్లో తిరిగి చెప్పడం. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 9 ఆసుపత్రుల్లో పిల్లల వార్డుల డాక్టర్లు దీన్ని పాటించాక వైద్యపు పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయి.

అప్పగింత చర్చలో ఎవరు మాట్లాడినా ఈ అంకెలనే చూపుతారు. వాటిని జాగ్రత్తగా వాడాలి. అక్కడ పెట్టింది కాగితం ఒక్కటే కాదు. శిక్షణ ఇచ్చారు, మాటతో చెప్పడాన్నీ రాతనూ జతచేశారు, అప్పగింతలను పక్కన నిలబడి గమనించి తప్పులు దిద్దారు. పైగా అవి కొన్ని గంటల షిఫ్టులు. పొద్దున వెళ్లిన డాక్టరు సాయంత్రం మళ్లీ వస్తాడు. ఉద్యోగం మానేసినవారు రారు. కనుక ఆ శాతాలను ఆఫీసు నోట్‌కు అంటగట్టడం సరికాదు. కానీ ఆ ఐదు భాగాల్లో చివరి రెండూ, అంటే "ఇలా జరిగితే" అన్నదీ తిరిగి చెప్పించడమూ, మన కార్యాలయాల ఛార్జి లిస్టుల్లో ఎక్కడా లేనివి. అరువు తెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అవే.

రాతకు లొంగనిది

మూడో పక్షం నోట్ మీదే అనుమానపడుతుంది. మైఖేల్ పొలానీ 1966లో ప్రచురించిన పుస్తకంలో, మనిషికి తెలిసినదంతా మాటల్లోకి రాదని వాదించాడు. దాన్ని కార్యాలయపు పనికి దగ్గరగా తెచ్చినవాడు డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్. 1985 నాటి వ్యాసంలో ఆయన ఒక ఉదంతం చెప్పాడు. ఒక బృందం రాసిన కంపైలరును మరో బృందం విస్తరించాల్సి వచ్చింది. రెండో బృందానికి పూర్తి ప్రోగ్రాము ఇచ్చారు, డిజైన్ గురించిన వివరమైన రాతలు ఇచ్చారు, సలహా కూడా ఇచ్చారు. అయినా వాళ్లు ప్రతిపాదించిన మార్పులు, ఆ నిర్మాణంలో అప్పటికే ఉన్న సౌకర్యాలను వదిలేసి పైపైన అతుకులు వేసేవిగా వచ్చాయి. మొదటి బృందం చూడగానే ఆ సంగతి పసిగట్టింది. ఎందుకలా కట్టారో తెలిసిన మనుషులు వెళ్లిపోతే ఆ తెలివిడిని కాగితం మళ్లీ పుట్టించలేదని నౌర్ ముగింపు.

దీన్ని నమ్మేవారు నోట్ కంటే తోడు పనికి విలువిస్తారు. ఇద్దరూ కొన్నాళ్లు పక్కపక్కన కూర్చోవాలి, ఒక పూర్తి నెల పని కలిసి ముగించాలి అంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే కేటీ, ఈ నమ్మకం నుంచి వచ్చిందే. అందులో మంచి భాగం రివర్స్ కేటీ: నేర్చుకున్నవారే సెషన్ తీసుకుని, వెళ్లేవారు కూర్చుని వింటారు. డాక్టర్ల ఐదో భాగానికి ఇది సోదరే. వేర్వేరు దారుల్లో బయల్దేరిన రెండు రంగాలు ఇక్కడ కలుసుకోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

ఈ పక్షానికి ఒక గట్టి ఇబ్బంది ఉంది. తోడు కూర్చోవడానికి రెండో మనిషి ఉండాలి. మన దగ్గర చాలాసార్లు ఉండరు. ప్రభుత్వంలో పోస్టు ఖాళీగా ఉండి పక్క సీటువారికి పూర్తి అదనపు బాధ్యతలు, అంటే ఎఫ్‌ఏసీ, ఇస్తారు. చిన్న కంపెనీలో పాతవారు వెళ్లాకే కొత్తవారి కోసం వెతకడం మొదలవుతుంది. అప్పుడు కాగితం ఒక్కటే మిగులుతుంది, కాబట్టి దాన్ని ఎలా రాయాలన్న ప్రశ్న తప్పదు.

ఒకే నోటీసు, మూడు రాతలు

పరీక్షకు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ప్లాస్టిక్ పైపులు చేసే చిన్న ఫ్యాక్టరీ. అకౌంటెంట్ 2025 సెప్టెంబర్ 30న రిలీవ్ అవుతాడు. నెలవారీ పనులు కొత్తవారికి ఎలాగూ తెలుసు: 7వ తేదీకి టీడీఎస్ కట్టడం, 11కు GSTR-1, 15కు పీఎఫ్, ఈఎస్ఐ, 20కి GSTR-3B. అకౌంటెంట్‌గా వచ్చే ఎవరికైనా ఈ తేదీలు నోటికే వస్తాయి. నోట్‌లో పేజీలకు పేజీలు వీటికే ఖర్చు చేయడం మామూలుగా జరిగే పొరపాటు. కొత్తవారికి తెలియనిది సగంలో ఉన్న ఒక నోటీసు.

సెప్టెంబర్ 4న ASMT-10 వచ్చింది. గత ఆర్థిక సంవత్సరంలో GSTR-2Bలో కనిపించిన దానికంటే రూ.1,86,000 ఎక్కువ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకున్నారని అధికారి అడిగాడు. జవాబుకు 30 రోజులు గడువు ఇచ్చాడు, అంటే అక్టోబర్ 4. ఈ తేడాలో రూ.1,12,000 ఒక సప్లయర్ మార్చి బిల్లులకు చెందింది. బిల్లులున్నాయి, సరుకు వచ్చింది, డబ్బు చెల్లించారు, కానీ ఆయన తన GSTR-1లో వాటిని చూపలేదు. సెప్టెంబర్ నెల GSTR-1లో, అక్టోబర్ 11లోగా చూపుతానని ఇప్పుడు ఒప్పుకున్నాడు. మిగిలిన రూ.74,000 మూతపడ్డ మరో సప్లయరుకు చెందింది. ఆ మొత్తాన్ని వడ్డీతో కలిపి DRC-03 ద్వారా కట్టేద్దామని యజమాని ఫోన్‌లో అన్నారు, ఇంకా కట్టలేదు.

లిస్టు పక్షం దీన్ని ఇలా రాస్తుంది: "జీఎస్టీ నోటీసు – 1 – పెండింగ్ – ఫైలు జతచేయడమైనది." బాధ్యత అప్పగించినట్టే. కొత్తవారు ఫైలు తెరిచి నోటీసు చదువుతారు, సప్లయర్ల సంగతి తెలియదు, గడువు దాటాక కంగారుపడతారు.

కథ చెప్పే పక్షం రెండు పేజీలు రాస్తుంది. ఆ సప్లయరుతో ఎన్నాళ్ల నుంచి లావాదేవీలు, మార్చిలో ఎందుకు ఆలస్యమైంది, ఎన్నిసార్లు ఫోన్ చేశారు, ఆడిటర్ ఏమన్నారు అన్నీ ఉంటాయి. అందులో అక్టోబర్ 4 రెండో పేజీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. చదివినవారికి విషయం అర్థమవుతుంది, రేపు పొద్దున్నే ఏం చేయాలో మాత్రం వారే వెతుక్కోవాలి.

స్థితి పక్షం రాస్తే ఇలా ఉంటుంది:

"ASMT-10, తేదీ 4-9-2025. జవాబు ASMT-11లో ఇవ్వాలి. గడువు 4-10-2025. ఇప్పటి స్థితి: జవాబు డ్రాఫ్టు ఆడిటర్ దగ్గర ఉంది, 29న ఇస్తామన్నారు. ఇవ్వకపోతే 1వ తేదీన ఫోన్ చేయండి. 3వ తేదీకీ రాకపోతే, గడువు పొడిగించమని కోరుతూ సప్లయర్ ఉత్తరం జతచేసి పంపండి. ఆ ఉత్తరం నోటీసు ఫైలులోనే ఉంది. రూ.74,000 కట్టాలని యజమాని నోటిమాటగా చెప్పారు, రాతపూర్వక అనుమతి లేదు. కట్టే ముందు ఈమెయిల్ తీసుకోండి. రూ.1,12,000 అక్టోబర్ 14న వచ్చే GSTR-2Bలో కనిపిస్తుంది. ఆ క్రెడిట్ మనం గత సంవత్సరంలోనే తీసుకున్నాం. సెప్టెంబర్ GSTR-3Bలో తనంతట తాను నిండి వచ్చినా తీసేయండి. ఆ బిల్లులు 2Bలో కనిపించకపోతే సప్లయర్ మాట తప్పినట్టే. నవంబర్ 30 దాటితే గత ఏడాది బిల్లులను ఆయన సరిదిద్దలేడు. కాబట్టి నవంబర్ మొదటి వారంలోనే యజమానికి చెప్పండి."

వందకు లోపు పదాల్లో అన్నీ ఉన్నాయా అంటే లేవు. కథ లేదు. అయినా ఇందులో అత్యంత విలువైన భాగం ఒకటుంది: అక్టోబర్ 14 గురించినది. అది ఇంకా జరగని సంగతి. ఫైలులో ఎక్కడా దొరకదు. ఫైలునంతా శ్రద్ధగా చదివిన అకౌంటెంట్ కూడా అక్టోబర్‌లో పోర్టల్ తెరిచి, 2Bలో కనిపించిన క్రెడిట్‌ను మంచి మనసుతో మళ్లీ తీసుకుంటాడు. ఒక నోటీసుకు జవాబిస్తూనే రెండో నోటీసుకు పునాది పడుతుంది. ఇక్కడ కొత్తవారి తెలివిని తప్పుపట్టలేం. పోర్టల్ చూపింది నమ్మడం వారి పనిలో భాగమే.

కనుక నోట్‌లో ఏ వాక్యానికి చోటు ఇవ్వాలో తేల్చడానికి నా దృష్టిలో సరైన కొలత ఇది: సమర్థుడైన కొత్త ఉద్యోగి ఫైలు చదివి తెలుసుకోగలిగింది నోట్‌లో అక్కర్లేదు. ఫైలు చదివినా తెలియనిది, ముఖ్యంగా చదవడం వల్లే తప్పుదారి పట్టించేది, తప్పకుండా ఉండాలి. పైపర్ ఆల్ఫాలో తాత్కాలిక మూత ఆ రెండో రకానిదే. చూస్తే అంతా సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది.

మరో సూక్ష్మం యజమాని మాట. "నోటిమాటగా చెప్పారు" అని రాయడానికి చాలామంది వెనుకాడతారు. కానీ ఫోన్‌లో, వాట్సాప్‌లో జరిగిన నిర్ణయాలు వెళ్లేవారి ఫోనుతోనే వెళ్లిపోతాయి. ఏది రాతలో ఉంది, ఏది మాటలోనే ఉంది అన్న తేడా చూపకపోతే, కొత్తవారు లేని అనుమతి ఉందనుకుని డబ్బు కట్టేస్తారు, లేదా ఉన్న నిర్ణయాన్ని మళ్లీ మొదటి నుంచి తవ్వుతారు.

తిరిగి చెప్పించినప్పుడు బయటపడేది

ఈ నోట్‌ను కొత్త అకౌంటెంట్ చేతికిచ్చి "మీరేం చేస్తారో చెప్పండి" అని అడిగామనుకుందాం. "అక్టోబర్ 4లోగా జవాబు ఇస్తాను. 14న లక్షా పన్నెండు వేలు వచ్చాక అప్పుడు క్రెడిట్ తీసుకుంటాను" అన్నాడనుకోండి. వెళ్లే వ్యక్తి వెంటనే సరిచేస్తాడు. ఆ తప్పు నోట్ చదివాక కూడా జరిగింది, ఎందుకంటే 2Bలో కనిపించాకే క్రెడిట్ తీసుకోవాలన్నది అతనికి ఏళ్లుగా అలవాటైన నియమం. అలవాటు చదివినదాన్ని గెలిచింది. "చదివాను, అర్థమైంది" అని సంతకం పెట్టించుకుంటే ఇది ఎన్నటికీ బయటికి రాదు.

అందుకే గంట పాటు వివరించడం కంటే రివర్స్ కేటీలో పదిహేను నిమిషాలు వినడమే ఎక్కువ పనిచేస్తుంది. విన్నాక ఆ వాక్యాన్ని నోట్‌లో దిద్దాలి, "తీసేయండి" పక్కన "రెండోసారి తీసుకున్నట్టవుతుంది" అని కారణం చేర్చాలి. కారణం ఉన్న సూచన అలవాటుకు ఎదురు నిలబడుతుంది, కారణం లేనిది నిలబడదు. నౌర్ చెప్పిన "ఎందుకు" పూర్తిగా కాగితానికి ఎక్కకపోవచ్చు గానీ, ఒక్కో సూచనకు ఒక్కో కారణం చొప్పున కొంతైనా ఎక్కుతుంది.

కొత్తవారు ఇంకా చేరకపోతే? అప్పుడు తిరిగి చెప్పాల్సింది యజమాని, లేదా మేనేజర్. చాలా చోట్ల వారు నోట్‌ను చదవకుండానే "ఓకే" అని మెయిల్ పెడతారు. ఈ ఒక్క అలవాటు మారితే మిగతా పద్ధతుల గొడవ చాలా తగ్గుతుంది.

తాళాల సంగతి

పాత ఛార్జి లిస్టు వస్తువులకు ఇచ్చిన శ్రద్ధను ఈ తరం నోట్లు మరిచిపోయాయి. ఇప్పటి తాళాలు ఓటీపీలు. చిన్న కంపెనీల్లో జీఎస్టీ పోర్టల్‌లో అకౌంటెంట్ సొంత మొబైల్ నంబరే నమోదై ఉండటం తరచూ చూసేదే. మనిషి వెళ్లాక ప్రతి నెలా 20న అతనికి ఫోన్ చేసి ఓటీపీ అడుగుతారు. కొత్త ఉద్యోగంలో మీటింగులో ఉన్న మనిషి ఎత్తకపోతే ఆలస్య రుసుము పడుతుంది. యజమాని డిజిటల్ సంతకపు టోకెన్ ఎవరి సొరుగులో ఉంది, గడువు ఎప్పుడు తీరుతుంది, ట్యాలీలో అడ్మిన్ హక్కు ఎవరికి ఉంది, బ్యాకప్ ఏ డిస్క్‌లో ఉంది అన్నవి నోట్‌లో రాస్తే చాలదు. ఇచ్చేవారు ఉండగానే నంబరు మార్చాలి, కొత్తవారి ఫోనుకు ఓటీపీ వచ్చిందో లేదో ఒక్కసారి లాగిన్ అయి చూడాలి. పాస్‌వర్డులు మాత్రం నోట్‌లో రాయకూడదు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో ఎవరూ చెప్పలేరు. ఎవరి దగ్గర ఉన్నాయో రాయాలి, తర్వాత మార్చేయాలి.

పక్కపక్కన పెడితే

లిస్టు పక్షం వస్తువు పోకుండా కాపాడుతుంది, నగదు, స్టాకు, టోకెన్ల విషయంలో దానికి సాటి లేదు. రిజిస్టరు పక్షం ఏ కాగితమూ కనుమరుగు కాకుండా చూస్తుంది, వెళ్లేవారు కోపంతో వెళ్లినా, అకస్మాత్తుగా పోయినా అది మిగిలే ఉంటుంది. మిగతా పక్షాలు ఇక్కడ నిస్సహాయం. స్థితి పక్షం రాబోయే నెలా రెండు నెలల ప్రమాదాలను పట్టుకుంటుంది, ఆ తర్వాత దాని విలువ వేగంగా పడిపోతుంది. తోడు పని పక్షం తీర్పునూ మెలకువనూ అందిస్తుంది, ఖర్చు మాత్రం ఇద్దరి జీతం.

చూస్తే ఇవి పోటీపడేవి కావు, ఒక్కోదానికీ ఒక్కో గడువు ఉంది. లిస్టు ఆ రోజుది. స్థితి నోట్ ఆ త్రైమాసికానిది. స్టాండింగ్ నోట్ ఏళ్లది. మూడింటినీ ఒకే కాగితంలో కుక్కినప్పుడే ముప్పై పేజీల నోట్ తయారై, అందులో అక్టోబర్ 4 కనిపించకుండా పోతుంది.

ఇంకా తేలనివి

మనుషుల గురించి రాయాలా అన్నది మొదటి తగాదా. "ఫలానా సప్లయర్ మాట నిలబెట్టుకోడు" అన్నది కొత్తవారికి ఎంతో ఉపయోగం. కానీ నోట్ కంపెనీ రికార్డు, రేపు ఎవరి కంటైనా పడవచ్చు. ఒక వర్గం అభిప్రాయాలన్నీ నోటితోనే చెప్పమంటుంది. మరో వర్గం, అభిప్రాయం వదిలి జరిగినదే రాయమంటుంది: "జూన్, జూలై, ఆగస్టులో చూపుతానన్నారు, చూపలేదు." రెండోదే మేలనిపిస్తుంది. అయితే కొత్తవారు ఒక మనిషిని తమ కళ్లతో చూసే అవకాశాన్ని అది ముందే కొంత తీసేస్తుందన్న అభ్యంతరానికి మంచి జవాబు రాలేదు.

సంతకం అర్థం ఏమిటన్నది రెండోది. నగదు విషయంలో స్పష్టమే: లెక్కపెట్టి తీసుకున్నాక తీసుకున్నవారిదే. సగంలో ఉన్న నోటీసు విషయంలో అలా కాదు. పుచ్చుకున్నవారు సంతకం పెట్టిన నాటికి రూ.1,86,000 లెక్క సరైనదో కాదో సరిచూసే వ్యవధి వారికి లేదు. "పరిశీలనకు లోబడి స్వీకరించాను" అని రాయడం వాడుకలో ఉంది. ఆ పరిశీలన ఎన్నాళ్లలో ముగించాలి, ముగించకపోతే బాధ్యత ఎవరిది అన్నది ఎవరికి వారు చెప్పుకుంటున్నారు. వారం చాలని కొందరు, ఒక పూర్తి నెల రిటర్నులు వేసేదాకా అని మరికొందరు. పనిచక్రాన్ని బట్టి గడువు పెట్టాలన్న రెండో వాదనకు ఆధారం ఎక్కువ, ఎందుకంటే గడువు తేదీ వచ్చినప్పుడే అకౌంట్లలో తప్పు కనిపిస్తుంది.

మూడోది, వెళ్లాక ఫోన్ చేయవచ్చా అన్నది. మర్యాదకొద్దీ చాలామంది ఎత్తుతారు. దాన్ని నమ్ముకుని నోట్‌ను పైపైన రాయడం అన్యాయమని ఒక పక్షం. రెండు వారాలు, నిర్ణీత సమయం అని ముందే మాట్లాడుకుని రాసుకుంటే తప్పేమీ లేదని మరో పక్షం. ఈ ఒప్పందంలో ఇంకో ఉపయోగం ఉంది. ఆ రెండు వారాల్లో వచ్చిన ప్రతి ప్రశ్నా నోట్‌లో లేనిదేమిటో చెబుతుంది. ఆ ప్రశ్నలనూ జవాబులనూ నోట్ చివర చేర్చే కార్యాలయాలు అరుదు. చేర్చాల్సింది అడిగినవారా, వారి మేనేజరా అన్నది కూడా ఎక్కడా రాసి లేదు.